పనసపొట్టు కూర వేదిక మీద: చేస్తూ చెప్పాలా, చెప్పి చేయాలా?

మురళీనగర్ గృహిణి:
మా అపార్టుమెంటు సంఘం వారు వేసవి సెలవుల్లో హాల్లో పనసపొట్టు ఆవకూర చేసి చూపించమన్నారు. ఎదురుగా కుర్చీల్లో అరవై మంది దాకా కూర్చుంటారు. వంట నాకు కొత్త కాదు, చెబుతూ చేయడం కొత్త. పోపు దగ్గర మాట్లాడుతూ ఉంటే మాడిపోతుంది, నోరు మూసుకుంటే వెనక వరుసల వారికి ఏం జరుగుతోందో తెలియదు. చేస్తూనే చెప్పాలా, ముందు చెప్పి తరవాత చేయాలా, పక్కన ఇంకొకరిని నిలబెట్టి వారి చేత చెప్పించాలా?

లాసన్స్ బే:
ఇందులో తర్జనభర్జన ఏముందండీ, మూడోదే మేలు. మా ఆఫీసు వార్షికోత్సవంలో ఒక మాస్టారు బిర్యానీ చేస్తుంటే యాంకరమ్మాయి మైకు పట్టుకుని అంతా చెప్పింది. ఆయన తల ఎత్తలేదు, పని చక్కగా సాగింది. చేతులు ఒకరివి, నోరు ఒకరిది. హాలు నిండా నవ్వులు, చప్పట్లు. మీరూ గొంతు బాగున్న వారిని ఒకరిని చూసుకోండి, మీ తలనొప్పి సగం తగ్గుతుంది.

కేటరింగ్ మాస్టారు:
బిర్యానీకి అది నడుస్తుంది. దమ్ము పెట్టాక అరగంట ఎవరు ఏం మాట్లాడినా గిన్నెకు నష్టం లేదు. పనసపొట్టు కూరలో అలా కాదు. పోపు మొదలుపెట్టాక ఇంగువ వేసే క్షణం యాంకరుకు తెలియదు, వండేవారికే తెలుస్తుంది. యాంకరు చూసి, అర్థం చేసుకుని, నోరు తెరిచేసరికి మీరు కరివేపాకు దగ్గర ఉంటారు. జనం చెవిలో ఇంగువ, కంట్లో కరివేపాకు. లేదా యాంకరు చెప్పడం పూర్తయ్యే వరకు మీరు చేయి ఆపుకుని నిలబడతారు, అప్పుడు మినప్పప్పు నల్లబడుతుంది. రెండూ కళ్లారా చూశాను. వంట నేర్పే కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పాను, విద్యార్థుల చేత ఇదే పని చేయించేవాణ్ని.

అమ్మా, మీ ప్రశ్నకు ఒకే జవాబు వెతకకండి. కూరలో ఒక్కో దశకు ఒక్కో పద్ధతి. చేయి వేగంగా కదిలే చోట ముందే చెప్పేయాలి, చేసేటప్పుడు పేర్లు మాత్రం పలకాలి. చేయి నెమ్మదిగా కదిలే చోట చేస్తూ చెప్పవచ్చు. కత్తి చేతిలో ఉన్నప్పుడు అసలు మాట్లాడకూడదు. అందుకే తరగడం వేదిక మీద పెట్టుకోకండి. పచ్చిమిర్చి, అల్లం ఇంట్లోనే తరిగి గిన్నెల్లో పెట్టుకుని రండి. పొట్టు రైతుబజారులో కొట్టించిందే తీసుకోండి, జనం ముందు పనసకాయ చీల్చి జిగురు చేతులతో తంటాలు పడనక్కర్లేదు.

ఇక పోపు. మూకుడులో నూనె పోశాక అది కాగడానికి కాస్త వ్యవధి ఉంటుంది. చాలామంది ఆ వ్యవధిలో నూనె వంక చూస్తూ నిలబడతారు. మీరు చెప్పాల్సినదంతా అక్కడే చెప్పేయాలి. నా విద్యార్థుల చేత నేను చెప్పించే తీరు దాదాపు ఇలా ఉండేది:

«నూనె కాగుతోంది. ఇప్పుడు పోపు వేస్తాను. మొదట శనగపప్పు, మినప్పప్పు. అవి ఎర్రబడ్డాక ఆవాలు. ఆవాలు చిటపటలాడగానే ఎండుమిర్చి, ఇంగువ, చివర కరివేపాకు. మొదలుపెట్టాక నేను పేర్లు మాత్రమే చెబుతాను, మీరు రంగు చూడండి, చప్పుడు వినండి.»

తరవాత ఒక్క శనగపప్పు బద్ద నూనెలో వేయండి. చుట్టూ బుడగలు లేస్తే ఆ మాట చెప్పండి: «బుడగలు వచ్చాయి, నూనె సిద్ధం.» ఇక అక్కడి నుంచి: «శనగపప్పు. మినప్పప్పు.» గరిటె తిప్పుతూ మౌనం. «రంగు మారుతోంది... ఇదిగో, తేనె రంగు.» «ఆవాలు.» ఇక్కడ పూర్తిగా నోరు మూసుకోండి. ఆవాలు చిట్లే చప్పుడు మీకంటే బాగా చెబుతుంది. «మిర్చి. ఇంగువ. కరివేపాకు. మంట తగ్గించాను.» అంతే. కాగితం మీద ఇది పొడిపొడిగా ఉంటుంది కానీ హాల్లో కూర్చుని వింటే ప్రతి మాటా చేతితో కలిసి పడుతుంది. ముందే వరుస విన్నారు కాబట్టి ఏం రాబోతోందో వారి కళ్లకు తెలుసు, వేసే చోటనే చూస్తారు.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
మాస్టారూ, ముందు ఆవాలు కదా వేసేది? ఆవాలు చిట్లాకే పప్పులు. మా ఇంట్లో తరతరాలుగా ఇదే వరుస.

కేటరింగ్ మాస్టారు:
ఏ వరుసైనా కూర చెడిపోదమ్మా. పప్పులు ఎర్రబడడానికి ఎక్కువ సమయం పడుతుంది కనుక నేను వాటిని ముందు వేయిస్తాను. మీ వరుసలో మంట చిన్నగా ఉంచాలి, లేకపోతే పప్పులు ఎర్రబడేసరికి ఆవాలు మాడి చేదెక్కుతాయి. వేదిక మీద మాత్రం ఒకటే నియమం: మాటలో చెప్పిన వరుస, చేతిలో వేసిన వరుస ఒకటై ఉండాలి. ఆవాలు ముందని చెప్పి అలవాటు కొద్దీ శనగపప్పు వేశారా, అక్కడ రాసుకుంటున్న ఆవిడ కలం ఆగిపోతుంది. ఆ తరవాత మీరు చెప్పే రెండు మాటలు ఆవిడకు వినపడవు.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
వరుస సంగతి నేను ఒప్పుకోను కానీ, కలం మాట నిజమే.

అనకాపల్లి అబ్బాయి:
అందరికీ నమస్కారం. నేను ఈ కూర చేసినప్పుడల్లా చేదు వస్తోంది. పొట్టు చేదా, ఆవ చేదా? దయచేసి ఎవరైనా చెప్పండి. హాస్టల్‌లో ఉంటాను, మిక్సీ చిన్నది.

లాసన్స్ బే:
బాబూ, ఇక్కడి చర్చ వేదిక మీద వంట చేసి చూపించడం గురించి. కూర చేదు గురించి వేరే శీర్షిక పెట్టుకోండి.

కేటరింగ్ మాస్టారు:
ఉండనివ్వండి, అబ్బాయి అడిగిన ప్రశ్న మన చర్చ నడుమకే వచ్చి పడింది. బాబూ, ఆవ ముద్ద కూర పొయ్యి మీద ఉండగానే కలుపుతున్నావా?

అనకాపల్లి అబ్బాయి:
అవునండీ. కలిపి రెండు నిమిషాలు మగ్గనిస్తాను.

కేటరింగ్ మాస్టారు:
అదే కారణం. నానిన ఆవాలను నీటితో నూరితే ఘాటు పుడుతుంది. ఆ ఘాటు వేడికి నిలవదు. పొయ్యి మీద మగ్గిస్తే ఘాటు ఎగిరిపోతుంది, మిగిలేది చేదు. మంట ఆపి, కూర గోరువెచ్చగా అయ్యాక కలపాలి. నూరేటప్పుడు కాసింత ఉప్పు, ఒక ఎండుమిర్చి వేసి చల్లటి నీళ్లు చిలకరించు. చిన్న మిక్సీ ఆపకుండా తిప్పితే గిన్నె వేడెక్కుతుంది, ఆపుతూ ఆపుతూ తిప్పు.

ఇక మన విషయం. ఈ కుర్రవాడు ఈ కూరను ఎక్కడో చూసే నేర్చుకుని ఉంటాడు. పోపు చూసి ఉంటాడు, పొట్టు ఉడకడం చూసి ఉంటాడు. చల్లార్చడం మాత్రం చూడలేదు, ఎందుకంటే చల్లార్చేటప్పుడు కంటికి కనిపించేది ఏమీ ఉండదు. వండేవారికి అది అలవాటైన విరామం. గిన్నె దించుతారు, చెంగుతో చేతులు తుడుచుకుంటారు, ఎవరితోనో ఒక మాట అంటారు, తరవాత ఆవ కలుపుతారు. చూసేవారికి అది ఖాళీ సమయం, ఆ కాస్తలో ఫోను చూసుకుంటారు. తల ఎత్తేసరికి ఆవ కూరలో పడి ఉంటుంది. ఇంటికి వెళ్లి పొయ్యి మీదే కలుపుతారు.

కాబట్టి అమ్మా, మీ కార్యక్రమం మొత్తంలో మీరు ఎక్కువ మాటలు ఖర్చు చేయవలసినది ఏమీ జరగనట్టు కనిపించే చోట. పోపు తనే మాట్లాడుతుంది. చల్లారే కూర మాట్లాడదు. అక్కడ గిన్నె కిందికి దించి, పొయ్యి ఆపానని పలికి, «ఇప్పుడు ఆవ కలిపితే చేదు వస్తుంది, అందుకే ఆగుతున్నాను» అని చెప్పి నిజంగానే ఆగండి. గిన్నె అంచు మీద చేయి పెట్టి చూపించండి. చేయి పెట్టి ఉంచగలిగినంత వేడికి దిగాక, «ఇప్పుడు కలుపుతున్నాను» అనండి. ఆ ఆగడం చూసినవారు ఎప్పటికీ మరచిపోరు.

వెనక వరుస:
నేను చెప్పేది చూసేవారి వైపు నుంచి. నాకు చూపు మందం. ఇలాంటి కార్యక్రమాలకు మా ఆవిడతో కలిసి వెళతాను, వంట నాకు ఇష్టం కనుక. వేదిక మీది వారు నూటికి తొంభై సార్లు అనే మాట «ఇదిగో ఇలా, ఇంత, ఇది ఇందులో వేసి ఇలా కలపాలి.» ఇలా అంటే ఎలా, ఇంత అంటే ఎంత? ముందు వరుసలో ఉన్నవారికి కనిపిస్తుందేమో. వెనక మూడు వరుసల్లో చక్కటి చూపు ఉన్నవారికీ నా గతే పడుతుంది. ముందు వారి తలలు, వంటమనిషి మోచేతులు తప్ప ఏమీ కనిపించవు.

ఒకసారి ఒకావిడ చక్కగా చెప్పింది: «పొట్టు పిడికిట్లోకి తీసుకుని పిండుతున్నాను, నీళ్లు ధారగా కాకుండా చుక్కలుగా పడేవరకు.» నాకు చూడనక్కర్లేకుండానే అర్థమైంది. ఇంటికి వచ్చి చేసి చూశాం, కుదిరింది. మీరు ఇంట్లో ఒకసారి సాధన చేసేటప్పుడు ఎవరినైనా మీకు వీపు తిప్పి కూర్చోమనండి. వారికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మీరు «ఇలా» అన్నట్టు లెక్క.

మురళీనగర్ గృహిణి:
వెనక వరుస గారూ, ఇది నాకు తట్టలేదు. మా వారిని వీపు తిప్పి కూర్చోబెట్టి చూస్తాను, ఆయన మామూలుగానూ అలాగే కూర్చుంటారు.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
అన్నీ బాగానే ఉన్నాయి కానీ, వంటలో కొలతలు పలకడం మొదలుపెడితే అది వంట కాదు, మందుల చీటీ. ఉప్పు తగినంత, పులుపు సరిపడా, అంతే. రుచి చూసుకునే నాలుక ఉండాలి. అరవై మందికీ ఒకే చెంచా లెక్క చెబితే ఎలా? ఒకరి చింతపండు పాతది, ఒకరిది కొత్తది.

కేటరింగ్ మాస్టారు:
చింతపండు మాట మీరన్నది నిజం. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి నాలుక మీ మూకుడు దాకా రాదు. «తగినంత» అన్న మాట వంటింట్లో పక్కన నిలబడి నేర్చుకునే కూతురికి సరిపోతుంది, ఎందుకంటే ఆ పిల్ల మీ చేతిని దగ్గర నుంచి చూస్తోంది, రుచి కూడా చూస్తోంది. హాల్లో వారికి ఒక మొదలు కావాలి. అరకిలో పొట్టుకు నిమ్మకాయంత చింతపండు, రెండు చిన్న చెంచాల ఆవాలు అని చెప్పండి. ఉప్పు అయితే అరచేతిలో పోసి ముందు చేయి జనం వైపు చాచి చూపించండి, తరవాత కూరలో వేయండి. వేశాక చూపించడానికి ఏమీ ఉండదు కదా. ఆ పైన «మీ చింతపండు పాతదైతే పులుపు ఎక్కువ దిగుతుంది, కాస్త తగ్గించండి» అంటే మీరు కోరిన స్వేచ్ఛా దొరుకుతుంది.

కొలతలన్నీ నోటితో చెప్పే పని పెట్టుకోవద్దు. ఒక పెద్ద అట్ట మీద లావుపాటి అక్షరాలతో రాసి బల్ల ముందు వేలాడదీయండి. అప్పుడు మీ నోరు రంగుకు, చప్పుడుకు, సమయానికి ఖాళీగా ఉంటుంది.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
మొదలు చెప్పవచ్చు, సరే. కానీ చివర్లో రుచి చూసి «ఇంకాస్త ఉప్పు పడుతుంది» అని వేదిక మీదే వేయాలి. ఆ మాట జనానికి వినిపించాలి. అంతా కొలత ప్రకారమే కుదిరిందని నటించడం నాకు గిట్టదు.

కేటరింగ్ మాస్టారు:
దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

మైకు మనిషి:
మీరంతా ఏం చెప్పాలో మాట్లాడుతున్నారు, వినిపిస్తుందో లేదో ఎవరూ అడగలేదు. పెళ్లిళ్లకు, సభలకు సౌండు పెట్టే పని మాది. వంట కార్యక్రమంలో మైకు తిప్పలు వేరే రకం.

చేతి మైకు ఎలాగూ కుదరదు. చాలామంది చీర అంచుకు కాలరు మైకు పెడతారు. మూకుడు వంక తల తిప్పగానే గొంతు సన్నబడుతుంది, వంగితే గడ్డం మైకు దగ్గరికి వచ్చి ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది, పమిట రాసుకుంటే బరబరమంటుంది. దానికి బదులు చెవికి తగిలించుకునే మైకు అడగండి. తల ఎటు తిప్పినా నోటికి దూరం మారదు. స్పాంజి టోపీ ఉన్నది తీసుకోండి, ఆవిరి తగిలితే తడవకుండా ఉంటుంది. స్పీకర్లు మీ వెనక ఉండకూడదు, మీకు ముందు, జనం వైపు తిరిగి ఉండాలి, లేకపోతే ఈల మొదలవుతుంది.

మిక్సీ వేసేటప్పుడు మాట్లాడకండి. మైకు ఎంత మంచిదైనా మిక్సీ గెలుస్తుంది. నేనైతే ఆ క్షణం మైకు ఆపేస్తాను. మీరు మీట నొక్కే ముందు నా వంక ఒకసారి చూస్తే చాలు.

ఇంకో సంగతి. జనంలో నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే అది మీకు, పక్క కుర్చీలకు మాత్రమే వినిపిస్తుంది. ముందు ప్రశ్నను మీ మైకులో మళ్లీ చెప్పండి. లేకపోతే «కాదండీ, నానబెట్టక్కర్లేదు» అన్న జవాబు హాలంతా వింటుంది. ఏది నానబెట్టక్కర్లేదో ఎవరికీ తెలియదు.

కేటరింగ్ మాస్టారు:
మిక్సీ గురించి ఒక మాట కలుపుతాను. ఆవ నూరే ముందు చెప్పండి: «మూడుసార్లు ఆపి ఆపి తిప్పుతాను, ముద్ద గరిటెకు అంటుకోవాలి, జారిపోకూడదు.» తిప్పండి, ఆపండి, గరిటెతో ఎత్తి చూపండి. పొట్టు ఉడికే కాలం, సుమారు పావుగంట, ప్రశ్నలకు వదిలిపెట్టండి. పోపు సమయంలో ఎవరైనా చేయి ఎత్తితే «ఇంగువ అయ్యాక» అని చెప్పి పని సాగించండి, ఎవరూ నొచ్చుకోరు. పావుగంట ఎక్కువ అనిపిస్తే ముందే ఉడికించిన పొట్టు పక్కన పెట్టుకోండి కానీ, గిన్నె మార్చేటప్పుడు ఆ సంగతి నోటితో చెప్పండి. చెప్పకుండా మారిస్తే ఐదు నిమిషాల్లో పొట్టు ఉడుకుతుందని రాసుకుని వెళతారు.

మురళీనగర్ గృహిణి:
అందరికీ ధన్యవాదాలు. ఈలోగా కొత్త చిక్కు వచ్చింది. హాల్లో గ్యాసు సిలిండరు పెట్టనివ్వరట. ఇండక్షన్ పొయ్యి ఇస్తామన్నారు. మాటలో ఏమైనా మార్చుకోవాలా?

లాసన్స్ బే:
ఇండక్షన్ ఇంకా సులువు కదండీ. మీట మీద అంకె కనిపిస్తుంది, మంట చూసుకోనక్కర్లేదు.

కేటరింగ్ మాస్టారు:
అంకె మీకు కనిపిస్తుంది, జనానికి కనిపించదు. గ్యాసు పొయ్యి అయితే మంట చిన్నదైందో పెద్దదైందో ముందు వరుసలకు కంటికే తెలుస్తుంది. ఇండక్షన్‌లో ఏమీ తెలియదు కనుక వేడి మార్చినప్పుడల్లా మాటగా చెప్పాలి. «అంకె ఆరుకు దించాను» అంటే ఇంట్లో గ్యాసు ఉన్నవారికి అర్థం కాదు. «సన్నమంటకు తెచ్చాను» అనండి, మంట లేకపోయినా సరే.

మీ ఇనుప మూకుడు అడుగు గుండ్రంగా ఉంటే దాని మీద పనికిరాదు. అల్యూమినియం గిన్నె అసలు వేడెక్కదు. అడుగు చదునుగా ఉన్న ఇనుపది గానీ, ఇండక్షన్ గుర్తు ఉన్న స్టీలుది గానీ తీసుకోండి. ముఖ్యంగా ఒక పని చేయకండి: పోపు రంగు చూపించడానికి గిన్నె ఎత్తి జనం వైపు వంచడం. గ్యాసు మీద అది మంచి అలవాటే. ఇండక్షన్ మీద గిన్నె ఎత్తగానే వేడి ఆగి పొయ్యి కూత పెడుతుంది, ఆలస్యమైతే ఆరిపోతుంది కూడా. మీరు మాట మధ్యలో ఆపి మీటలు నొక్కుతూ ఉంటారు. దానికి బదులు తేనె రంగు వచ్చిన పప్పులు గరిటెతో కాసిని తీసి తెల్ల పళ్లెంలో వేసి, ఎవరి చేతికైనా ఇచ్చి వరుసల్లో తిప్పమనండి. తెల్ల పళ్లెం మీద రంగు మోసం చేయదు.

మైకు మనిషి:
ఇండక్షన్‌లో ఫ్యాను చప్పుడు ఉంటుంది, చెవి మైకుకు అంతగా తగలదు. సీలింగు ఫ్యాన్లు మాత్రం ఈసారి మంట లేదు కాబట్టి ఆపనక్కర్లేదు. మే నెల విశాఖ ఉక్కలో అది పెద్ద వరం.

వెనక వరుస:
పొయ్యి మీద అద్దం గానీ, కెమెరా గానీ పెట్టే ఆలోచన ఉందా? నాకు ఉపయోగం లేదు కానీ మిగతా వారికి ఉంటుంది.

మురళీనగర్ గృహిణి:
మా అబ్బాయి ఫోనును స్టాండుకు బిగించి హాల్లో ఉన్న టీవీకి చూపిస్తానంటున్నాడు.

మైకు మనిషి:
వైరుతో కలపమనండి. వైఫై మీద పంపితే బొమ్మ కాస్త వెనకబడి వస్తుంది. మీరు «ఆవాలు» అన్నాక కొంచెం ఆగి టీవీలో ఆవాలు పడతాయి. చప్పుడేమో అప్పటికే వినిపించేసింది. చూసేవారికి ఒకటే గందరగోళం.

లాసన్స్ బే:
అలాంటప్పుడు యాంకరు ఉంటే టీవీ చూసి చెబుతారు కదా, మాట, బొమ్మ కలుస్తాయి!

కేటరింగ్ మాస్టారు:
మాట, బొమ్మ కలుస్తాయి, మూకుడు విడిపోతుంది. ఎదురుగా ఉన్న మూకుడును వదిలేసి టీవీని నమ్ముకుంటే ఎలాగండీ? ముందే వరుస చెప్పేసి ఉంటే బొమ్మ కాస్త ఆలస్యమైనా జనం ఆగి చూస్తారు, రాబోయేది వారికి తెలుసు కనుక.

అయితే మీ యాంకరును పూర్తిగా పంపించేయను. చెప్పే పని కాకుండా అడిగే పని ఇవ్వండి. వంట తెలియని మనిషైతే ఇంకా మంచిది. వండే ఆవిడ మాట్లాడడం మరచి చేతులకే అతుక్కుపోయినప్పుడు «ఇప్పుడు ఏం వేశారు?» «ఎందుకు ఆగారు?» అని అడిగితే చాలు. ప్రశ్న ఆలస్యమైనా నష్టం లేదు, జవాబు వండేవారి నోటి నుంచే వస్తుంది. వరుసల్లో పళ్లెం తిప్పే పనీ ఆ మనిషిదే.

లాసన్స్ బే:
అంటే నేను చెప్పినదే సగం ఒప్పుకున్నారు.

కేటరింగ్ మాస్టారు:
సగమే.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
నాకు ఇంకా ఒక అనుమానం తీరలేదు. ఇన్ని మాటలు ముందే అనుకుని వెళితే మనిషి చిలకలా అప్పజెప్పినట్టు ఉండదా? వంట చేసేటప్పుడు పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడితే వినడానికి బాగుంటుంది. మా అత్తగారు పోపు వేస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పేవారు, ఒక్కనాడూ మాడలేదు.

కేటరింగ్ మాస్టారు:
మీ అత్తగారి చేతికి పోపు తెలుసు, నోటికి ఊరు తెలుసు. కబుర్లకు పోపుతో పని లేదు కాబట్టి రెండూ అడ్డం రాలేదు. చేస్తున్న పనినే మాటల్లో పెట్టమంటే అప్పుడు చేయి తడబడుతుంది. మీరే ఒకసారి జడ వేస్తూ ఏ పాయ ఎటు వెళుతోందో పైకి చెప్పి చూడండి.

కబుర్లు కావాలంటే పొట్టు ఉడికే పావుగంట ఉంది. పనసపొట్టు ఎక్కడ కొన్నారో, పూర్ణా మార్కెట్‌లో బాగుంటుందో రైతుబజారులో బాగుంటుందో అక్కడ చెప్పుకోవచ్చు. జనానికీ అది ఇష్టమే.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
జడ వేసి చూశాను. మనవరాలు నవ్వింది. అయినా పోపు దగ్గర అంత మౌనం నాకు నచ్చదు, పూజ చేస్తున్నట్టు ఉంటుంది.

మురళీనగర్ గృహిణి:
నిన్న సాయంత్రం ఇంట్లో చేసి చూశాను. మా వారు వీపు తిప్పి కూర్చున్నారు, మా అబ్బాయి అడిగే మనిషి. పోపు పేర్లతోనే సాగింది, మాడలేదు. ఆయనకు అర్థం కానివి రెండు చోట్ల: చింతపండు పులుసు పోశాక ఎంతసేపు మరగాలో నేను చెప్పలేదు, పచ్చివాసన పోయేవరకు అని నాకు తెలుసు కానీ ఆ వాసన వెనక వరుసకు చేరదు కదా. రెండోది, చల్లారే దగ్గర గిన్నె అంచు పట్టుకుని చూపించాను కానీ నోటితో అనలేదు. చల్లారే దగ్గరిది దిద్దుకున్నాను. పచ్చివాసన పోవడాన్ని కంటికి కనిపించేలా ఎలా చెప్పాలి?

కేటరింగ్ మాస్టారు:
పులుసు చిక్కబడి, అంచుల వెంట నూనె తేలుతుంది. «అంచుల్లో నూనె కనిపిస్తోంది» అనండి, కెమెరాలో కూడా తెలుస్తుంది. నూనె తక్కువ వేసేవారి ఇంట్లో మాత్రం ఆ గుర్తు అంత స్పష్టంగా కనిపించదు. వారికి నిమిషాల లెక్క చెప్పాలి, అది మీ పొయ్యిని బట్టి, పులుసు పలుచదనాన్ని బట్టి మారుతుంది. ఆ ఇండక్షన్ పొయ్యి ముందురోజే అడిగి తెప్పించుకుని గడియారం పెట్టి చూసుకోండి.

పాతికేళ్ల వంటింటి అనుభవం:
ముక్కును నమ్ముకోమని చెప్పండమ్మా. ముందు వరుసలో ఒకరిని పొయ్యి దగ్గరికి పిలిచి వాసన చూడమనండి, పోయిందో లేదో ఆవిడే మైకులో చెబుతుంది.

వెనక వరుస:
ఆ పిలిచే మనిషిని వెనక వరుస నుంచి పిలవండి. నేను మూడో తారీఖు ఖాళీ.